పాత సొట్టకు కొత్త క్లెయిము

కారు గుద్దుకున్నాక బీమా డబ్బు కోసం నింపే క్లెయిము ఫారం చివర, సంతకానికి కాస్త పైన, చిన్న అక్షరాల్లో ఒక ప్రకటన ఉంటుంది. ఇందులో రాసినవన్నీ నిజమేనని, ఏదైనా అబద్ధం చెప్పినట్టో దాచిపెట్టినట్టో తేలితే పాలసీ చెల్లకుండా పోతుందని, దాని కింద తనకున్న హక్కులన్నీ వదులుకుంటానని కారు యజమాని అందులో ఒప్పుకుంటాడు. చాలా కంపెనీల ఫారాల్లో ఇంకొక మాట కూడా చేర్చి ఉంటుంది. పోయేది ఈ ప్రమాదానికి సంబంధించిన హక్కు ఒక్కటే కాదు, గతంలో జరిగిన, ఇకముందు జరిగే ప్రమాదాల మీద హక్కు కూడా అని. షెడ్డు కౌంటరు దగ్గర "ఇక్కడొక సంతకం పెట్టి వెళ్ళండి సార్, మిగతాది మేం నింపుకుంటాం" అనగానే సంతకం పెట్టి వచ్చేసేవాళ్ళు ఆ నాలుగు వరుసలు చదవరు. తర్వాత ఆ ఫారంలో ఎవరేం రాసినా దాని కింద ఉండేది మాత్రం వాళ్ళ సంతకమే.

బీమా కంపెనీల మీద జనానికి ఉన్న కోపం తెలియనిది కాదు. ఏటా ప్రీమియం కడతాం, ఒక్కసారి క్లెయిముకు వెళితే సవాలక్ష కోతలు పెడతారు. ఆ కోతల బాధలోంచే "కాస్త ఎక్కువ రాయిస్తే తప్పేముంది" అనే ఆలోచన పుడుతుంది. అందుకే ముందు ఆ కోత ఎక్కడ పడుతుందో, ఎంత పడుతుందో లెక్క వేసి చూడాలి. ఎక్కువ రాయించడం ఎందుకంత ఖరీదైన పొరపాటో ఆ లెక్కలోనే తెలుస్తుంది.

చేతి నుంచి పడే పదకొండు వేలు

విజయవాడలో ఒకరికి 1197 సీసీ పెట్రోలు కారు ఉందనుకుందాం. కొని మూడేళ్ళ నాలుగు నెలలైంది. గన్నవరం వైపు వెళుతూ, ముందున్న ట్రాక్టరు ట్రాలీ ఒక్కసారిగా ఆగడంతో వెనక నుంచి గుద్దాడు. ముందు బంపర్ పగిలింది, కుడి హెడ్‌లైటు, గ్రిల్ పోయాయి, బానెట్ ముడుచుకుపోయింది, కుడి ఫెండర్ నలిగింది. షెడ్డువాళ్ళు ఎస్టిమేట్ ఇచ్చారు. బంపర్, హెడ్‌లైటు, గ్రిల్ వంటి ప్లాస్టిక్ సామాను 13,000 రూపాయలు. బానెట్, ఫెండర్ కలిపి 12,000. విప్పి బిగించడానికి, టింకరింగ్‌కు కూలి 6,000. పెయింటింగ్ 8,000. జీఎస్టీని పక్కన పెడితే మొత్తం 39,000 రూపాయలు.

మామూలు సమగ్ర పాలసీలో కంపెనీ ఇదంతా ఇవ్వదు. పాత సామాను స్థానంలో కొత్తది వస్తోంది కాబట్టి వాడుకున్నంత తరుగు తీసేస్తుంది. ప్లాస్టిక్, రబ్బరు సామానుకు ఈ తరుగు కారు వయసుతో పనిలేకుండా సగం. ఇనుప భాగాలకు వయసును బట్టి మారుతుంది. మూడేళ్ళు దాటి నాలుగేళ్ళ లోపున్న బండికి 25 శాతం. పెయింటింగ్ ఖర్చులో నాలుగో వంతును రంగు ఖరీదుగా లెక్కేసి అందులో సగం తీస్తారు. కూలికి తరుగు లేదు. ఈ లెక్కన మన కారుకు ప్లాస్టిక్ మీద 6,500, ఇనుము మీద 9,000, కూలి 6,000, పెయింటింగ్ 7,000 వస్తాయి. మొత్తం 28,500. ప్రతి క్లెయిములో యజమాని తప్పనిసరిగా భరించవలసిన వాటా ఒకటుంటుంది. 1500 సీసీ వరకు ఉన్న కార్లకు అది వెయ్యి రూపాయలు. అది పోగా కంపెనీ కట్టేది 27,500. మిగిలిన 11,500 యజమాని జేబులోంచి పోవాలి.

షెడ్డులో సలహా మొదలయ్యేది ఈ పదకొండు వేల దగ్గరే. "ఎందుకు సార్ చేతి నుంచి పెట్టుకోవడం? వెనక ఎడమ డోరుకు సొట్ట ఉందిగా, వెనక బంపర్ గీసుకుపోయిందిగా, అవి కూడా ఇందులోనే కలిపేద్దాం. రేడియేటర్ కూడా పోయిందని రాద్దాం. మీకు రూపాయి పడదు" అంటారు. వెనక బంపర్ 5,000, డోరు టింకరింగ్ 3,000, రెండింటికీ పెయింటింగ్ 6,000, మార్చకుండానే మార్చినట్టు రాసే రేడియేటర్ 7,000. అదనంగా 21,000 చేరి బిల్లు 60,000 అవుతుంది. పైన వేసిన లెక్కే వేస్తే కంపెనీ నుంచి మరో 16,000 వరకు రావాలి. యజమాని వాటా అందులో సర్దుకుపోతుంది, షెడ్డుకూ నాలుగు డబ్బులు మిగులుతాయి.

కాగితం మీద ఈ లెక్క చక్కగా కుదిరినట్టే ఉంటుంది. అయితే కంపెనీ పంపే మనిషి కాగితం చూసి సరిపెట్టుకోడు. బండి దగ్గరికి వస్తాడు.

సర్వేయరు చూసేది బిల్లును కాదు

కొంత మొత్తం దాటిన నష్టాన్ని లైసెన్సు ఉన్న సర్వేయరే మదింపు చేయాలని 1938 నాటి ఇన్సూరెన్స్ చట్టంలోని 64యూఎం సెక్షన్ చెబుతోంది. సర్వేయరు మొదట చదివేది క్లెయిము ఫారంలో ప్రమాదం ఎలా జరిగిందని రాశారో ఆ పేరా. ఆ తర్వాత బండి చుట్టూ తిరిగి, ఆ కథకూ ఈ దెబ్బలకూ పొత్తు కుదురుతోందా లేదా అని చూస్తాడు. ముందున్న ట్రాలీని గుద్దితే దెబ్బ ముందు నుంచి వెనక్కి నెట్టినట్టు ఉండాలి. ట్రాలీ అడుగు దూలం నేలకు ఎంత ఎత్తులో ఉంటుందో, బానెట్ మీద ముడత కూడా దాదాపు అంతే ఎత్తులో ఉండాలి. దాని రంగు, గ్రీజు మరక బంపర్ మీద అంటి ఉండాలి. మన కారు ముందు భాగంలో ఇవన్నీ ఉంటాయి, ఎందుకంటే ఆ ప్రమాదం నిజంగా జరిగింది.

ఇక వెనక డోరు దగ్గరికి వస్తాడు. రేకు మీద రంగు లేచిపోతే కొత్తలో లోహం మెరుస్తూ కనిపిస్తుంది. రోజులు గడిచేకొద్దీ గాలి, తేమ తగిలి ఎర్రగా తుప్పు పడుతుంది. పాత గీతలో దుమ్ము పేరుకుపోయి ఉంటుంది. కారు కడిగి పాలిష్ పెట్టినప్పుడు ఆ పాలిష్ గీత లోపల తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. సొట్ట అంచుల్లో రంగు పెచ్చులుగా లేచి, ఆ పెచ్చుల కిందా మట్టి చేరి ఉంటుంది. నిన్న జరిగిన ప్రమాదంలో పడిన సొట్టకు ఇవేవీ ఉండవు. పైగా ముందు గుద్దుకున్న బండికి వెనక ఎడమ పక్క సొట్ట ఎలా పడిందన్న ప్రశ్నకు ఫారంలో జవాబు లేదు.

రేడియేటర్ సంగతి మరీ తేలిక. మార్చామంటే పాతది చూపించాలి. మార్చిన సామాను తుక్కు మీద హక్కు కంపెనీది, కాబట్టి సర్వేయరు దాన్ని అడుగుతాడు. పని పూర్తయ్యాక రీఇన్‌స్పెక్షన్‌కు వచ్చినప్పుడు, కొత్త రేడియేటర్ ఉండవలసిన చోట మూడేళ్ళ దుమ్ము పట్టినది కనిపిస్తే మాట్లాడడానికి ఏమీ మిగలదు. రేడియేటర్ మారిస్తే కూలెంట్ కూడా కొత్తగా పోయాలి. బిల్లులో కూలెంట్ లేకపోయినా అనుమానం వస్తుంది.

సర్వేయరు కన్ను దాటినా కాగితాలు, కంప్యూటర్లు ఉన్నాయి. ఫోనులో తీసిన ఫొటోలో ఏ రోజు, ఏ గంటకు తీశారో, చాలాసార్లు ఎక్కడ తీశారో కూడా నమోదై ఉంటుంది. ప్రమాదం జరిగిందన్న వేళకు ఆ కారు ఫాస్టాగ్ ఇంకో జిల్లాలో టోల్ కట్టి ఉంటే ఆ రికార్డు ఎక్కడికీ పోదు. పాలసీ తీసుకున్నప్పుడో, మధ్యలో తెగిన పాలసీని మళ్ళీ కట్టినప్పుడో కంపెనీ తీయించిన ఫొటోల్లో ఆ డోరు సొట్ట అప్పటికే ఉండవచ్చు. అంతకుముందు వేరే కంపెనీలో ఇదే డోరుకు క్లెయిము తీసుకున్నా దొరికిపోతారు. బీమా కంపెనీల నుంచి పాలసీల, క్లెయిముల వివరాలు సేకరించే ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో హైదరాబాద్‌లోనే ఉంది.

పెంచిన భాగం ఒక్కటే ఎందుకు పోదు?

ఇక్కడ చాలామందికి అర్థంకాని సంగతి ఒకటుంది. "సరే, వెనక డోరు పాతదే, అది కొట్టేయండి. ముందు భాగం నిజమే కదా, ఆ 27,500 ఇవ్వండి" అని అడుగుతారు. న్యాయంగానే అనిపిస్తుంది. కొన్ని సందర్భాల్లో కంపెనీ అలాగే చేస్తుంది కూడా. షెడ్డువాళ్ళు తెలియక పాత సొట్టను ఎస్టిమేట్‌లో రాశారు, సర్వేయరు అడగగానే యజమాని "అది పాతదేనండీ" అన్నాడు. అప్పుడు దాన్ని కొట్టేసి మిగతాది మంజూరు చేస్తారు. ఎస్టిమేట్‌లో కోత పడడం రోజూ జరిగేదే, అది నేరం కాదు. షెడ్డు అడిగిన కూలి ఎక్కువని సర్వేయరు తగ్గించడమూ అంతే, అది బేరం మాత్రమే.

యజమానికి తెలిసి అబద్ధం చేరినప్పుడే సంగతి మారుతుంది. వెనక సొట్టకు కారణం కావాలి కాబట్టి "ముందు ట్రాలీని గుద్దాను, అదే క్షణంలో వెనక నుంచి ఒక ఆటో నన్ను గుద్ది వెళ్ళిపోయింది" అని ఫారంలో రాస్తారు. ఆ వాక్యంతో పెంచిన బిల్లు కాస్తా సృష్టించిన ప్రమాదంగా మారిపోయింది. లేని ఆటోకు సాక్షి కావాలి, ఆ సాక్షికి ఒక కథ కావాలి. సర్వేయరు నివేదిక చూశాక కంపెనీ ఇన్వెస్టిగేటర్‌ను పంపుతుంది. అతను యజమాని దగ్గర రాతపూర్వకంగా వాంగ్మూలం తీసుకుంటాడు, ట్రాక్టరు డ్రైవరును అడుగుతాడు, ఆ జంక్షన్లో సీసీ కెమెరాలు వెతుకుతాడు. ట్రాక్టరు డ్రైవరు ఆటో సంగతి తెలియదంటే, ముందు జరిగిన నిజమైన ప్రమాదం గురించి యజమాని చెప్పిన మాటను కూడా ఎవరూ నమ్మరు.

బీమా ఒప్పందం మిగతా ఒప్పందాల లాంటిది కాదు. బండి మన దగ్గర ఉంటుంది, ప్రమాదం మన కళ్ళ ముందు జరుగుతుంది; కంపెనీకి తెలిసేదల్లా మనం చెప్పినదే. అందుకే చట్టం ఇందులో రెండు పక్షాల నుంచీ పూర్తి నిజాయితీని కోరుతుంది. అబద్ధం దొరికినా పోయేది ఆ అబద్ధపు 16,000 మాత్రమే అయితే, ఎక్కువ రాసి చూడడంలో ఎవరికీ నష్టం ఉండదు. దొరక్కపోతే లాభం, దొరికితే మామూలు క్లెయిము. అలాంటి పందెం ఎవరూ ఆడకుండా ఉండాలనే, తెలిసి చేసిన మోసం బయటపడితే మొత్తం క్లెయిము పోతుందనే షరతు పెడతారు. మన ఉదాహరణలో యజమాని పదహారు వేల కోసం తనకు న్యాయంగా రావలసిన 27,500ను పణంగా పెట్టాడు. క్లెయిము పోయాక షెడ్డు బిల్లు మాత్రం ఆగదు. అది కడితేనే బండి బయటికి వస్తుంది.

పోయేది అంతటితో ఆగదు. కంపెనీ పాలసీని రద్దు చేయవచ్చు, వచ్చే ఏడు రెన్యువల్ నిరాకరించవచ్చు. వేరే కంపెనీకి వెళితే ప్రపోజల్ ఫారంలో గతంలో మీ పాలసీ ఎవరైనా రద్దు చేశారా, క్లెయిము నిరాకరించారా అని అడగవచ్చు. అక్కడ నిజం రాస్తే పాలసీ దొరకడం కష్టం, దాస్తే ఆ పాలసీ కూడా నిలవదు.

పోలీసు స్టేషన్ దాకా

మోసాలను గుర్తించడానికి ప్రతి కంపెనీ సొంత ఏర్పాటు పెట్టుకోవాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2013లోనే ఆదేశించింది. ప్రతి పెంచిన బిల్లూ పోలీసుల దాకా వెళుతుందని కాదు. క్లెయిము తిరస్కరించి ఊరుకునేవే ఎక్కువ. కానీ ఒకే షెడ్డు నుంచి ఒకే తీరు బిల్లులు వరసగా వస్తున్నాయని గమనిస్తే కంపెనీ ఫిర్యాదు చేస్తుంది. అప్పుడు ఆ షెడ్డులో ఒక్కసారే సంతకం పెట్టిన యజమాని కూడా నిందితుల జాబితాలోకి వస్తాడు.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మోసం చేసి డబ్బు రాబట్టడం 318(4) సెక్షన్ కిందికి వస్తుంది. పాతవాళ్ళకు 420గా తెలిసిన నేరం ఇదే. ఏడేళ్ళ వరకు జైలు, జరిమానా. "డబ్బు రాలేదుగా, ఇక మోసమెక్కడిది" అనుకోవడానికి లేదు. నేరం చేయబోవడం కూడా నేరమే, అసలు శిక్షలో సగం దాకా వేయవచ్చు. వేరే షాపు పేరుతో బిల్లు పుస్తకం అచ్చు వేయించి వాడితే, అసలు బిల్లు మీద తేదీనో అంకెలో దిద్దితే అది ఫోర్జరీ. మోసం కోసం చేసిన ఫోర్జరీకి కూడా ఏడేళ్ళ వరకు శిక్ష ఉంది. అది నకిలీదని తెలిసి క్లెయిముకు జతపరిచినవాళ్ళకూ అదే వర్తిస్తుంది. యజమాని, షెడ్డువాళ్ళు ముందే మాట్లాడుకుని చేశారని తేలితే కుట్ర సెక్షన్ తోడవుతుంది.

ఈ కేసుల్లో షెడ్డువాళ్ళు చెప్పే మొదటి మాట ఒకటే: "ఓనరు చెప్పినట్టే రాశాం." యజమాని చెప్పే మాట: "వాళ్ళే రాశారు, నాకు తెలియదు." ఖాళీ ఫారం మీద సంతకం పెట్టిన మనిషికి ఆ మాట నిరూపించుకోవడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

సీటు మార్చడం, బండి మార్చడం

సృష్టించిన ప్రమాదమంటే సినిమాలోలా బండిని కావాలని గోడకు కొట్టడమే అనుకుంటారు. మన ఊళ్ళలో ఎక్కువగా జరిగేవి రెండు, రెండింటిలోనూ ప్రమాదం నిజమే ఉంటుంది.

మొదటిది డ్రైవరును మార్చడం. లైసెన్సు లేని కొడుకు బండి నడిపి స్తంభానికి కొట్టాడు. తండ్రి "నేనే నడిపాను" అని ఫారంలో రాస్తాడు. బిడ్డను కాపాడుకోవాలన్న తాపత్రయం అర్థమవుతుంది. కానీ సీటు ఎంత ముందుకు జరిపి ఉంది, సీటుబెల్టు ఒరుసుకున్న గీత ఎవరి భుజం మీద ఉంది, ఆసుపత్రిలో చేరినవాళ్ళెవరు, అక్కడి రిజిస్టరులో ఏం రాశారు అన్నవి నిజం చెబుతాయి. నిజం చెప్పి ఉంటే ఆ ఒక్క క్లెయిము పోయేది. అబద్ధం చెప్పినందుకు ఇప్పుడు తండ్రీ కొడుకులిద్దరూ ఇరుక్కున్నారు. పోలీసులకు కూడా అదే చెప్పి ఉంటే, ప్రభుత్వోద్యోగికి తప్పుడు సమాచారం ఇవ్వడం విడిగా మరో నేరం.

రెండోది ఇంకా బరువైనది. రాత్రిపూట ఏదో బండి ఒక మనిషిని గుద్ది వెళ్ళిపోయింది, నంబరు ఎవరూ చూడలేదు. హిట్ అండ్ రన్ మరణానికి ప్రభుత్వ పథకం కింద కుటుంబానికి వచ్చే పరిహారం 2 లక్షల రూపాయలు. అదే గుద్దిన బండి, దాని బీమా తెలిసి ఉంటే ట్రిబ్యునల్ మృతుడి వయసు, సంపాదన చూసి ఎన్నో రెట్లు ఇవ్వవచ్చు. ఈ తేడాను చూపించి, దుఃఖంలో ఉన్న ఆ ఇంటికి ఒక బ్రోకరు వస్తాడు. బీమా ఉన్న ఒక బండిని చూసి పెడతానంటాడు. ఇంకోచోట ఒక లారీ యజమానినో బంధువునో ఒప్పించి, "మీకేం పోదు, కట్టేది కంపెనీ" అంటాడు.

ఆ బండి యజమానికి చెప్పని సంగతి ఏమిటంటే, అతని డ్రైవరు చేయని నేరాన్ని ఒప్పుకుంటున్నాడు. నిర్లక్ష్యంగా నడిపి చావుకు కారణమైన నేరానికి భారతీయ న్యాయ సంహిత 106(1) కింద ఐదేళ్ళ వరకు శిక్ష ఉంది. కథ తప్పని తేలితే ట్రిబ్యునల్‌లో అబద్ధపు సాక్ష్యం చెప్పిన నేరం, కోర్టులో తప్పుడు దావా వేసిన నేరం వచ్చి చేరతాయి. తేలడం కూడా పెద్ద కష్టం కాదు. ప్రమాదం జరిగిన రాత్రి ఆసుపత్రిలో రాసిన మెడికో లీగల్ రికార్డులో "గుర్తు తెలియని వాహనం" అని ఉంటుంది. పదిహేను రోజుల తర్వాత ఎఫ్‌ఐఆర్‌లో నంబరు పుడుతుంది. బండిని పరీక్షించిన మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు రిపోర్టులో ఒక్క గీత కూడా కనబడదు. ఇప్పుడు ఆ పదిహేను రోజుల వ్యవధి కూడా కుదించుకుపోయింది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం పోలీసులు ప్రమాదం జరిగిన 48 గంటల్లోనే మొదటి నివేదికను ట్రిబ్యునల్‌కూ, బీమా కంపెనీకీ పంపాలి.

ఉత్తరప్రదేశ్‌లో ఈ దందా ఎంత దూరం పోయిందంటే, అలహాబాద్ హైకోర్టు ఆదేశంతో 2015లో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేయవలసి వచ్చింది. 2021లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన వివరాల ప్రకారం ఆ బృందానికి అందిన అనుమానాస్పద క్లెయిములు 1376. అప్పటికి విచారణ పూర్తయిన 246 కేసుల్లో 166 మంది నేరం చేసినట్టు ప్రాథమికంగా తేలింది. వాళ్ళలో లాయర్లు, పోలీసులు, డాక్టర్లు, బీమా ఉద్యోగులతో పాటు దావా వేసినవాళ్ళు, బండి యజమానులు, డ్రైవర్లు కూడా ఉన్నారు. "మీకేం పోదు" అన్న మాట నమ్మి బండి ఇచ్చినవాళ్ళ పేర్లు, ఆ మాట చెప్పినవాళ్ళ పేర్ల పక్కనే ఆ జాబితాకు ఎక్కాయి.

పదకొండు వేలను నిజాయితీగా తగ్గించుకునే దారి

మన విజయవాడ యజమానికి పడే 11,500లో 10,500 తరుగు వల్ల పోతున్నదే. దాన్ని తగ్గించుకునే చట్టబద్ధమైన దారి ఒకటుంది. పాలసీ తీసుకునేటప్పుడే కాస్త ఎక్కువ ప్రీమియం కట్టి జీరో డిప్రిసియేషన్ కవరు కలుపుకుంటే సామాను మీద ఆ తరుగు తీయరు. బండికి ఎంత వయసు వచ్చేదాకా ఆ కవరు ఇస్తారు, ఏడాదికి ఎన్ని క్లెయిములకు వర్తిస్తుంది అన్నది కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి అది ముందే అడిగి తెలుసుకోవాలి.

ప్రమాదం జరిగితే, బండి కదిలించే ముందే నాలుగు వైపులా ఫొటోలు తీసి కంపెనీకి వెంటనే తెలపండి. క్లెయిము ఫారం ఇంటికి తెచ్చుకునైనా మీరే నింపండి. ఖాళీగా సంతకం పెట్టకండి. సర్వేయరు వచ్చినప్పుడు బండి దగ్గర ఉండి, పాత సొట్టలు ఏవో మీరే ముందుగా చూపించండి. ఎస్టిమేట్ కాపీ తీసుకుని ఒక్కో వరుసా చదవండి. పాత సొట్ట కూడా ఇప్పుడే బాగు చేయించుకోవాలంటే దానికి వేరే బిల్లు రాయించి, మీ డబ్బు కట్టండి. మన ఉదాహరణలో ఆ డోరు టింకరింగ్ 3,000, దాని పెయింటింగ్ ఖర్చు మాత్రమే. షెడ్డువాళ్ళు రెండూ కలిపితేనే పని చేస్తామంటే షెడ్డు మార్చడమే మంచిది.

ఇప్పటికే తప్పుడు బిల్లు వెళ్ళిపోయి, ఇంకా నిర్ణయం రాలేదనుకోండి. ఫలానా వస్తువులు ఈ ప్రమాదానికి సంబంధించినవి కావు, వాటిని తొలగించండి అని కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి రసీదు తీసుకోండి. దానితో అన్నీ సర్దుకుంటాయని హామీ లేదు. కానీ ఇన్వెస్టిగేటర్ వచ్చి పట్టుకున్న తర్వాత ఒప్పుకోవడానికీ, తనంతట తాను దిద్దుకోవడానికీ కంపెనీ దగ్గరా, కోర్టులోనూ చాలా తేడా ఉంటుంది.

మీ తప్పేమీ లేకుండా మోసమని ముద్ర వేసి క్లెయిము కొట్టేస్తే ఊరుకోనక్కర్లేదు. మోసం జరిగిందని నిరూపించవలసింది కంపెనీయే. సర్వేయరు చెప్పిందే చివరి మాట కాదని సుప్రీంకోర్టు 2009లో ప్రదీప్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. తిరస్కరణ లేఖ, సర్వే రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి. మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఏడాది లోపు ఫిర్యాదు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ కార్యాలయం పరిధిలోకే వస్తాయి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల రూపాయల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఉంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళే దారి కూడా ఉంది.

అయితే ఈ దారులన్నీ నిజంగా గట్టిగా ఉండేది ఫారంలో రాసినదంతా నిజమైనప్పుడే. మోసం ఆరోపణకు కాస్త ఆధారం కనిపించినా, లోతైన సాక్ష్యాలు, క్రాస్ ఎగ్జామినేషన్ అవసరమైన వివాదమిది, సివిల్ కోర్టుకు వెళ్ళండి అని వినియోగదారుల కమిషన్ అనవచ్చు. అంటే నెలల్లో, ఖర్చు లేకుండా తేలవలసిన తగాదా ఏళ్ళ తరబడి సాగుతుంది. ట్రాలీని గుద్దిన సంగతి, పగిలిన బంపర్, ముడిచిన బానెట్ అన్నీ నిజమే అయినా, వాటి పక్కన రాసిన లేని ఆటో వల్ల ఆ 27,500 కోసం యజమాని కోర్టు మెట్లు ఎక్కవలసి వస్తుంది. వెనక డోరుకు విడిగా ఒక బిల్లు రాయించి ఉంటే ఆ డబ్బు ఆ నెలలోనే చేతికి వచ్చి ఉండేది.